వారానికి నాలుగు పరుగులు, పదహారు వారాలు



పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణంలో పనిచేసే మిత్రుడొకడు 2025 ఏప్రిల్ చివర్లో నన్ను పట్టుకున్నాడు. ఇల్లు శాలిబండలో. ముప్పై ఎనిమిదేళ్ళు. వారంలో మూడు రోజులు, రోజుకి ఐదేసి కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు అప్పటికే ఉంది. గట్టిగా పరుగెడితే ఐదు కిలోమీటర్లు సరిగ్గా అరగంటలో ముగిస్తాడు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ చెయ్యాలన్నది కోరిక. హాఫ్ అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల వంద మీటర్లకి రెండున్నర మీటర్లు తక్కువ.

"అన్నా, వారంల నాలుగు రోజులే దొరుకుతయి. ఐతదా?" అన్నాడు.

నాలుగు రోజులే ఎందుకని అడిగాను. కారణం సోమరితనం కాదు, నిద్ర. దుకాణం షట్టర్ దించి ఇల్లు చేరేసరికి పదకొండు. తిని పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. మేలో మన ఊళ్ళో పరుగెత్తాలంటే తెల్లవారుజామున ఐదింటికే రోడ్డు మీద ఉండాలి. అంటే పరుగున్న రోజు నిద్ర ఐదు గంటలు కూడా ఉండదు. అలాంటి రోజులు వారంలో నాలుగు దాటితే ఒళ్ళు కోలుకోదు. కాబట్టి నాలుగు అన్నది వాడు బాగా ఆలోచించి చెప్పిన లెక్కే. దాన్ని ఐదు చెయ్యమని నేను అడగలేదు. ఆ నాలుగు రోజుల్ని ఎలా పేర్చాలన్నదే మా పని అయింది.

మేమిద్దరం ముందు చేసింది క్యాలెండర్ ముందేసుకుని వెనక నుంచి లెక్కపెట్టడం. పోటీ 2025 ఆగస్టు 24, ఆదివారం. అక్కడి నుంచి పదహారు వారాలు వెనక్కొస్తే మే 5, సోమవారం. ఆ తర్వాత కిలోమీటర్లు కాదు, పండుగలు రాసుకున్నాం. పాతబస్తీలో ఉండేవాడికి పండుగను కాదని ప్లాన్ వేస్తే అది కాగితం మీదే మిగిలిపోతుంది. జూన్ 7న బక్రీద్. ఆ రోజు పొద్దున్నే ఇరుగుపొరుగు అందరూ నమాజుకి బయలుదేరతారు, వీధులు నిండిపోతాయి. పైగా ఆ వారమంతా దుకాణంలో ఊపిరాడని బేరాలు. జూలై 6న మొహర్రం పదో రోజు. దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు చాదర్‌ఘాట్ వైపు సాగే రోజు. జూలై 20న లాల్‌దర్వాజ బోనాలు. అది వాడి సొంతింటి పండుగ.

పదహారు వారాలూ ఏకబిగిన పెంచుకుంటూ పోలేం. రెండు మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గించాలి. ఎముక, స్నాయువు బలపడేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆ తగ్గించిన వారంలో. ఆ వారాలు ఎటూ కావాలి కాబట్టి వాటిని పండుగల పక్కన పెట్టాం. ఐదో వారం బక్రీద్, పదకొండో వారం బోనాలు. మధ్యలో ఎనిమిదో వారం. మొహర్రం ఊరేగింపు పగటిపూట కాబట్టి తెల్లవారుజాము పరుగుకి అడ్డం రాదు. ఆ ఒక్క ఆదివారం చార్మినార్ వైపు కాకుండా జూపార్కు, మీర్ ఆలం చెరువు వైపు పోతే సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకి వస్తాను.

వారంలో ఏడు రోజుల్ని గుండ్రంగా ఒక గాజు మీద గుర్తుపెట్టుకోండి. లాడ్ బజార్ గాజే అనుకోండి. నాలుగు పరుగుల్ని ఆ గాజు మీద ఎలా పొదిగినా కనీసం రెండు పక్కపక్కన పడి తీరతాయి. మూడైతే మధ్యలో ఖాళీ వదలొచ్చు, నాలుగైతే కుదరదు. మరి ఏ రెండింటిని పక్కపక్కన పెట్టాలి? చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆదివారం లాంగ్ రన్ పెట్టుకుని, ఉత్సాహం కొద్దీ సోమవారమో, శనివారమో వేగం పరుగు తగిలిస్తారు. బరువైన పరుగులు రెండు ఆనుకుని ఉంటే రెండోది పాడవుతుంది, లేదా కాలు పాడవుతుంది. మేము పెట్టుకున్న జంట శని, ఆదివారాలు. శనివారం మూడు నాలుగు కిలోమీటర్లు, బాగా నెమ్మదిగా, కాళ్ళు సాగదీసుకోవడానికి తప్ప మరేమీ కాదు. ఆదివారం లాంగ్ రన్. మంగళవారం కాస్త కష్టమైన పరుగు. గురువారం మధ్యస్థం. కష్టమైన మంగళవారానికి, పొడవైన ఆదివారానికి మధ్య ఎటు చూసినా కనీసం ఒక విశ్రాంతి రోజు ఉంటుంది. శనివారం పరుగు ఒక్కోసారి ఎగ్గొట్టినా నష్టం లేదు. ఎగ్గొట్టకూడనిది గురువారం. ఎందుకో చెబుతాను.

జాక్ డేనియల్స్ అని అమెరికాలో పేరున్న కోచ్ ఉండేవాడు. విస్కీ కాదు, మనిషే. వారం మొత్తం దూరంలో లాంగ్ రన్ ముప్పై శాతం దాటొద్దని, రెండున్నర గంటలు కూడా దాటొద్దని ఆయన చెప్పేవాడు. వారానికి ఆరు రోజులు పరుగెత్తేవాళ్ళకి మంచి లెక్కే. మనవాడికి వేసి చూడండి. హాఫ్ ముందు ఒక్కసారైనా పద్ధెనిమిది కిలోమీటర్లు చెయ్యాలనుకుంటే, అది ముప్పై శాతం కావాలంటే వారానికి అరవై కిలోమీటర్లు రావాలి. మిగిలిన నలభై రెండింటిని మూడు రోజులకు పంచితే రోజుకి పద్నాలుగు. దుకాణంలో రోజంతా నిలబడేవాడికి అది సాధ్యం కాదు. కాబట్టి నాలుగు రోజుల ప్లాన్‌లో ముప్పై శాతం నియమాన్ని తప్పక ఉల్లంఘిస్తాం. తెలిసే ఉల్లంఘిస్తున్నాం గనక, ఎంత వరకన్నది కూడా మనమే గీసుకోవాలి.

మా గీత నలభై ఐదు శాతం. లాంగ్ రన్ వారంలో సగానికి ఎప్పుడూ చేరకూడదు. దాన్ని కాపాడేది గురువారం పరుగే. ఉదాహరణకి పదమూడో వారం తీసుకోండి. మంగళవారం ఎనిమిది, గురువారం పది, శనివారం నాలుగు, ఆదివారం పద్ధెనిమిది. మొత్తం నలభై. లాంగ్ రన్ సరిగ్గా నలభై ఐదు శాతం. అదే గురువారం పదికి బదులు ఐదే పరుగెత్తితే మొత్తం ముప్పై ఐదు అవుతుంది, లాంగ్ రన్ వాటా సగం దాటుతుంది. వారమంతా అంతంతమాత్రంగా పరుగెత్తి ఆదివారం ఒక్కసారిగా పద్ధెనిమిది మీదేసుకుంటే కాళ్ళు ఆ భారానికి సిద్ధంగా ఉండవు. చివరి ఐదు కిలోమీటర్లలో మడమలు ఈడుస్తూ, నడుము వంచి, పాడు పద్ధతిలో పరుగెడతాడు. దెబ్బలు తగిలేది అక్కడే.

అందుకే ఆదివారం పెరిగే కొద్దీ గురువారం కూడా పెరగాలి. మొదటి వారం నాలుగు, నాలుగు, మూడు, ఏడు. మొత్తం పద్ధెనిమిది, అంటే వాడి పాత అలవాటు కంటే మూడే ఎక్కువ. నాలుగో వారానికి ఐదు, ఆరు, మూడు, పది. ఐదో వారం బక్రీద్, శనివారం పూర్తిగా సెలవు, ఆదివారం ఏడుతో సరి. ఏడో వారం ఆదివారం పన్నెండు, గురువారం ఏడు. పదో వారం ఆదివారం పదిహేను, గురువారం ఎనిమిది. పన్నెండులో పదహారు, పదమూడులో పద్ధెనిమిది. అక్కడి నుంచి కిందికి, పద్నాలుగు, పది, ఆ తర్వాత పోటీ.

ఇరవై ఒకటి ఎందుకు చెయ్యించలేదని వాడు కూడా అడిగాడు. లెక్క రెండున్నర గంటలది. తేలిక పరుగులో వాడికి కిలోమీటరుకి ఏడు నిమిషాల నలభై ఐదు సెకన్లు పడుతుంది. పద్ధెనిమిది కిలోమీటర్లంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇరవై ఒకటంటే రెండు గంటల నలభై మూడు. ఆ ఎక్కువ ఇరవై మూడు నిమిషాల వల్ల ఓపిక పెద్దగా పెరగదు. మంగళవారానికి తేరుకోలేకపోవడం మాత్రం ఖాయం. మిగిలిన మూడు కిలోమీటర్లు పోటీ రోజున వాటంతటవే వస్తాయి.

మరి పోటీలో ఎంత వేగంతో పరుగెత్తాలి? పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు చెప్పిన లెక్క ఒకటి వాడుకలో ఉంది. తక్కువ దూరంలో పట్టిన సమయాన్ని బట్టి ఎక్కువ దూరానికి అంచనా కడతారు. దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కంటే ఓ నాలుగు శాతం ఎక్కువ పడుతుందని దాని సారం. ఐదు కిలోమీటర్లు అరగంటలో చేసేవాడికి హాఫ్ రెండు గంటల పద్ధెనిమిది నిమిషాలని ఆ లెక్క చెబుతుంది. నేను దాన్ని నమ్మలేదు. ఆ లెక్క తగినంత దూరం సాధన చేసినవాళ్ళకి సరిపోతుంది. వారానికి నలభై దాటని వాడికి చివర్లో కాళ్ళు బరువెక్కుతాయి. పైగా నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి వైపు పోయే ఆ దారి చదునైనది కాదు. ఫ్లైఓవర్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. అందుకని రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు గురి పెట్టుకున్నాం. కిలోమీటరుకి ఏడు నిమిషాలకి కాస్త లోపు.

మంగళవారాల సంగతి. మొదటి ఐదు వారాలూ మంగళవారం కూడా తేలిక పరుగే. చివర్లో ఇరవై సెకన్ల స్ట్రైడ్స్ ఆరు. స్ట్రైడ్ అంటే ప్రాణం పెట్టి పరుగెత్తడం కాదు, ఒళ్ళు సాఫీగా పెట్టి వేగం అందుకుని వదిలెయ్యడం. ఆరో వారం నుంచి ఎత్తు. పాతబస్తీలో ఎత్తుకి కరువు లేదు. ఇంజిన్‌బౌలి దగ్గర నుంచి ఫలక్‌నుమా ప్యాలెస్ వైపు ఎక్కే రోడ్డు ఉంది కదా, అక్కడ ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా పైకి పరుగు, కిందికి నడక. ఆరు సార్లతో మొదలుపెట్టి ఎనిమిది దాకా. ఎత్తు మీద వేగం తక్కువ ఉండి కండరానికి పని ఎక్కువ పడుతుంది, కాలికి తగిలే దెబ్బ తగ్గుతుంది. వేగం పరుగుకి ముందు మెట్టుగా అందుకే పెడతారు. తొమ్మిదో వారం నుంచి టెంపో. పది నిమిషాల నెమ్మది పరుగు తర్వాత, కిలోమీటరుకి ఆరు నిమిషాల ఇరవై ఐదు సెకన్ల లెక్కన పది నిమిషాలు, మూడు నిమిషాల జాగింగ్, మళ్ళీ పది నిమిషాలు. పద్నాలుగో వారానికి ఆ పదులు పదిహేనులవుతాయి. ఆ వేగంలో మాట రెండు మూడు ముక్కలుగా రావాలి. పూర్తి వాక్యం వస్తే నెమ్మదైనట్టు, అసలు రాకపోతే ఎక్కువైనట్టు.

గడియారం చెప్పే ఈ అంకెలు మేలో మాత్రం పనికిరావు. ఐదింటికి కూడా గాలిలో వేడి, రాత్రంతా రాళ్ళు తాగి పెట్టుకున్న సెగ. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. చల్లబరచుకోవడం కోసం గుండె రక్తాన్ని చర్మానికి పంపుతుంది కాబట్టి అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. మొదటి నెలంతా వాడికి వాచీ ఇంట్లో పెట్టి రమ్మన్నాను. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూనో, లేదా పక్కవాడితో మాట్లాడుతూనో పరుగెత్తగలిగితే అదే తేలిక వేగం. కిలోమీటరుకి ఎనిమిదిన్నర పడినా సరే. జూన్ మధ్యలో వానలొచ్చాక అదే శ్రమకి వేగం దానంతటదే మెరుగుపడింది. వానతో ఇంకో తలనొప్పి ఉందిలెండి. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళు తడిస్తే జారుతాయి. వానలొచ్చాక ఆ కాస్త దూరం నడిచి దాటమన్నాను.

ఎనిమిదో వారంలో దెబ్బ తగిలింది. తగ్గించిన వారంలో!

అంతా బాగుందనుకుంటుండగా, ఆ వారం ముగిసిన మర్నాడు, సోమవారం ఫోన్ చేశాడు. "మోకాలి కింద, ఎముక పక్కన, లోపలి వైపు గుంజుతాంది." ఎలా జరిగిందో తవ్వితే బయటపడింది. ఆరు, ఏడు, ఎనిమిది వారాల గురువారాల్లో నయాపూల్ దగ్గర కొందరు కుర్రాళ్ళు తోడయ్యారు. వాళ్ళ వేగం ఆరున్నర నిమిషాలు. వాడిది ఏడు ముప్పావు. సిగ్గుపడి వాళ్ళతో కలిసి పరుగెత్తాడు. దూరం ప్లాన్ ప్రకారమే ఉంది కాబట్టి తప్పు చేస్తున్నట్టు తోచలేదు. మంగళవారం ఫలక్‌నుమా ఎత్తు, గురువారం ఈ పోటీ, ఆదివారం పన్నెండు కిలోమీటర్లు. వారంలో రెండు బరువైన పరుగులుండాల్సిన చోట మూడైపోయాయి. నాలుగు రోజుల ప్లాన్లు ఎక్కువగా ఇలాగే చెడతాయి. రోజులు తక్కువ కదా అని ప్రతి రోజునీ కాస్త గట్టిగా లాగేస్తారు.

ఇక్కడ తేడా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. వేలితో ఎముక వెంట నొక్కుకుంటూ రావాలి. నొప్పి ఒక జానెడు మేర పరుచుకుని ఉండి, పరుగు మొదట్లో గుంజి వేడెక్కాక తగ్గితే, అది షిన్ స్ప్లింట్స్. భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. అలా కాక వేలి కొసంత చోట ఒక్క చుక్క మీద కలుక్కుమని, పరుగెత్తే కొద్దీ పెరుగుతూ, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది ఎముకలో సన్నని పగులు కావొచ్చు. అప్పుడు పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మొదటి రోజుల్లో ఎక్స్-రేలో అది కనబడకపోవచ్చు కూడా, కనబడలేదని పరుగెత్తకూడదు. మనవాడిది పరుచుకున్న నొప్పి. బతికిపోయాడు.

ప్లాన్ మార్చాం. తొమ్మిదో వారం ఎత్తూ లేదు, టెంపో లేదు. మీర్ ఆలం చెరువు పక్క చదును దారిలో ఆదివారం పదమూడుకి బదులు ఎనిమిది. పదో వారం పదిహేనుకి బదులు పన్నెండు. గురువారం ఒంటరిగా, నయాపూల్ వైపు కాకుండా. పదకొండో వారం ఎలాగూ బోనాలు, తగ్గించిన వారమే, ఆదివారం పదకొండు. లాల్‌దర్వాజలో తెల్లవారకముందే ఆడవాళ్ళు బోనాలెత్తుకుని బారులు తీరతారు కాబట్టి వాడు నాలుగున్నరకే బయలుదేరి, ఇంకోవైపు తిరిగొచ్చి, స్నానం చేసి పూజకి కూర్చున్నాడు. తర్వాత పదిహేను, పదిహేడు. అనుకున్న పద్ధెనిమిది చెయ్యనే లేదు. పోయిన కిలోమీటర్లని తర్వాతి వారంలో కలిపి తీర్చెయ్యాలని వాడు తెగ తాపత్రయపడ్డాడు, నేను ఒప్పుకోలేదు. తప్పిపోయిన పరుగు అప్పు కాదు, వడ్డీతో కట్టనక్కర్లేదు.

ఆ పదిహేడు కిలోమీటర్ల రోజు చెప్పుకోవాలి. శాలిబండ నుంచి చార్మినార్, మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్, మొజంజాహి మార్కెట్, లక్డీకాపూల్ దాటి కొంత దూరం పోయి వెనక్కి. మొదటి పన్నెండూ నెమ్మదిగా, చివరి ఐదూ పోటీ వేగంతో. అలిసిన కాళ్ళ మీద ఆ వేగం ఎలా ఉంటుందో ముందే తెలియాలి. జేబులో ఖర్జూరాలు. గంటా పావు దాటే పరుగులన్నిటిలో ముప్పావు గంటకొకసారి రెండు మూడు ఖర్జూరాలు, రెండు గుక్కల నీళ్ళు అలవాటు చేశాం. పోటీలో కొత్తగా ఏదీ తినకూడదు కాబట్టి కడుపు ఒప్పుకుంటుందో లేదో ఇక్కడే తేలాలి. మొదటిసారి ఐదు తిని అఫ్జల్‌గంజ్ దగ్గర కడుపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రెండుకి దిగాడు.

చివరి రెండు వారాల్లో దూరం తగ్గుతుంది, పరుగుల సంఖ్య తగ్గదు. ఆరు, ఆరు, మూడు, పది. ఆ తర్వాత ఐదు, నాలుగు, రెండు, పోటీ. మంగళవారాల్లో కాస్త వేగం మిగిల్చాం, పది నిమిషాలో, ఐదు నిమిషాలో. పూర్తిగా ఆపేస్తే కాళ్ళు మొద్దుబారినట్టుంటాయి. ఈ రోజుల్లోనే వాడికి లేనిపోని నొప్పులన్నీ మొదలయ్యాయి. తగ్గించే వారాల్లో చాలామందికి అలాగే ఉంటుంది. వేలితో నొక్కి చూడమన్నాను. ఎక్కడా ఏమీ లేదు.

పోటీ రోజు మొదటి ఐదు కిలోమీటర్లు ఏడు నిమిషాల పది సెకన్ల చొప్పున పట్టి ఉంచాడు. జనం దాటుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆ ఉదయం వాడు చేసిన అతి కష్టమైన పనట. ఫ్లైఓవర్ల మీద వాచీ చూడలేదు, ఊపిరి చూసుకున్నాడు. ఎక్కేటప్పుడు నెమ్మదించి, దిగేటప్పుడు ఒళ్ళు వదిలెయ్యకుండా చిన్న అడుగులు వేశాడు. పదిహేడో కిలోమీటరు తర్వాత తొడలు బిగుసుకోవడం మొదలై వేగం కొంత పడింది. రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు.

సోమవారం పొద్దున పదకొండింటికి దుకాణం తెరిచాడు. పై అరలో ముత్యాల పెట్టె దించమని గిరాకీ అడిగితే, నిచ్చెన ఎక్కాడు గానీ దిగలేక కుర్రాణ్ణి కేకేశాడట.